చిల్లర బాకీ కొట్టివేత: ఎప్పుడు సబబు?

బిల్లు మొత్తంలో చాలా భాగం వసూలై కొద్ది రూపాయలు మిగిలిపోతే, వాటిని ఖాతాదారు పేరున అలాగే ఉంచకుండా ఖర్చుగా రాసి ఖాతా మూసేయడాన్నే చిల్లర బాకీ కొట్టివేయడం అంటారు. దీనికి అర్థం ఉండాలంటే ఆ బాకీ ఎలా మిగిలిందో ముందు తెలియాలి. వసూలుకయ్యే ఖర్చు బాకీని మించుతుందా లేదా అన్నది తర్వాతి ప్రశ్న.

విజయవాడలో ఒక ఎలక్ట్రికల్ సామాన్ల టోకు వ్యాపారి ఏలూరులోని దుకాణానికి రూ. 15,620 సరుకు పంపాడనుకుందాం. 18 శాతం జీఎస్టీ రూ. 2,811.60 కలిపి, రూపాయికి సవరించి బిల్లు రూ. 18,432 అయింది. దుకాణదారు రూ. 18,400 పంపాడు. మిగిలింది రూ. 32. నెలకు రూ. 18,000 జీతమున్న గుమాస్తా గంట పని విలువ, నెలకు 26 రోజులు, రోజుకు 8 గంటల లెక్కన, సుమారు రూ. 87. పాత బిల్లు వెతికి, ఫోన్ చేసి, డబ్బు వచ్చాక జమ రాయడానికి ఇరవై నిమిషాలు పట్టినా రూ. 29 ఖర్చయినట్టే. రెండోసారి ఫోన్ చేయాల్సి వస్తే ఆ వసూలు నష్టమే. వదిలేస్తే ప్రతి నెలా బాకీల జాబితాలో అది కనిపిస్తూనే ఉంటుంది, ఆడిట్‌లో మళ్లీ దాని మీద ప్రశ్న వస్తుంది.

అయినా కలం పెట్టే ముందు బిల్లునూ బ్యాంకు జమనూ పక్కపక్కన పెట్టి చూడాలి. చిన్న తేడాలన్నీ ఒక రకానివి కావు. వార్షిక అమ్మకాలు రూ. 10 కోట్లు దాటిన కొనుగోలుదారు, ఒకే వ్యాపారి దగ్గర ఏడాదిలో రూ. 50 లక్షలకు మించి కొన్న సరుకుపై 0.1 శాతం టీడీఎస్ పట్టుకుంటాడు. రూ. 60,000 సరుకుపై అది రూ. 60. చూడటానికి చిల్లర బాకీలాగే ఉంటుంది గానీ, అది వ్యాపారి పేరున ప్రభుత్వానికి కట్టిన పన్ను. దాన్ని కొట్టివేస్తే రావలసిన పన్ను జమను చేజేతులా పోగొట్టుకున్నట్టే. ఒక స్విచ్ పగిలి వచ్చిందని కోసుకున్న డబ్బయితే అది సరుకు తగాదా, దాన్ని క్రెడిట్ నోట్‌తో తేల్చాలి. అదే దుకాణం ప్రతి బిల్లుకూ ముప్పై రూపాయలు తగ్గించి పంపుతుంటే అది అడగకుండా తీసుకుంటున్న డిస్కౌంట్. దాని సంగతి ధర మాట్లాడుకునేటప్పుడే తేల్చుకోవాలి.

కారణం వట్టి చిల్లర సవరణేనని తేలితే జర్నల్ ఎంట్రీ సులువు. రాని బాకీల ఖాతాకు రూ. 32 డెబిట్, దుకాణదారు ఖాతాకు రూ. 32 క్రెడిట్. టాలీలో అయితే పాత బిల్లు నంబరుకే సర్దాలి, లేకపోతే బిల్లువారీ జాబితాలో ఆ బాకీ పోదు. ఆ రూ. 32లో దాదాపు రూ. 4.88 జీఎస్టీ ఉంది. కొనుగోలుదారు డబ్బు ఇవ్వలేదన్న కారణంతో ఆ పన్ను తగ్గదు, మొత్తం ఖర్చు వ్యాపారిదే. ఆదాయపు పన్ను విషయంలో మాత్రం, బాకీ రాదని వేరే రుజువులు చూపనక్కర్లేదని, పుస్తకాల్లో కొట్టివేస్తే చాలని 2010లో టీఆర్‌ఎఫ్ లిమిటెడ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

ఖాతాదారుకు కబురు పంపకపోతే ఈ పని సగమే అయినట్టు. ఏలూరు పుస్తకంలో రూ. 32 ఇవ్వాల్సి ఉన్నట్టే నిలిచిపోతుంది. మార్చిలో రెండు ఖాతాలు సరిపోల్చినప్పుడు తేడా వస్తుంది, లేదా ఎప్పుడో ఆ డబ్బు రానే వచ్చి ఏ బిల్లుకు జమ కట్టాలో తెలియదు. చీటీ ఇంతే చాలు: "బిల్లు నం. 1187పై మిగిలిన రూ. 32ను మా ఖాతాలో రద్దు చేశాం. మీరు చెల్లించనక్కర్లేదు. ఇది ఈ బిల్లుకు మాత్రమే. మీ పుస్తకంలోనూ సరిచేసుకోగలరు." ఇందులో దెప్పిపొడుపు ఉండకూడదు, డిస్కౌంట్ అన్న మాటా వద్దు, వచ్చే బిల్లులో మళ్లీ అడుగుతారు. చీటీ అందాక దుకాణదారు ఆ మొత్తాన్ని ఇతర ఆదాయంగా రాసుకుంటాడు.

ఈ వెసులుబాటు దుర్వినియోగం కావడమూ తేలికే. నగదు తీసుకునే గుమాస్తాకే బాకీ కొట్టివేసే అధికారం కూడా ఉంటే, అతను వసూలు చేసిన డబ్బును జేబులో వేసుకుని ఖాతాలో రద్దు రాసేయవచ్చు. కాబట్టి బిల్లుకు ఇంతకు మించకూడదని ఒక పరిమితి పెట్టి, డబ్బు ముట్టుకోని వ్యక్తి చేత సంతకం చేయించి, నెలాఖరున ఆ జాబితాను యజమాని స్వయంగా చూడాలి. అందులో ఒకే పేరు మళ్లీ మళ్లీ కనిపిస్తే, ఆ ఖాతాకు కొట్టివేత ఆపి నేరుగా ఆ ఖాతాదారుతోనే మాట్లాడాలి.