‘యాంగ్రీ ఆన్’ అంటే తప్పేంటి?

ప్రశ్న: ఎనిమిదో తరగతి చదువుతున్న మా అబ్బాయి ఇంగ్లిష్‌లో ఇలా రాశాడు: ‘ఐ యామ్ గుడ్ ఇన్ మ్యాథ్స్, బట్ ఐ యామ్ అఫ్రెయిడ్ ఫ్రమ్ అవర్ సర్. హి ఈజ్ ఆల్వేస్ యాంగ్రీ ఆన్ మి.’ టీచరు మూడు చోట్ల ఎర్రగీత గీశారు. అర్థం తెలుస్తూనే ఉంది కదా, తప్పెందుకయింది?

జవాబు: మూడు తప్పులూ ఒకే దారిలో వచ్చినట్టు కనిపిస్తాయి గానీ, అందులో ఒకటి తెలుగులోంచి వచ్చింది కాదు.

ముందు కోపం సంగతి చూద్దాం. మనకు ఎవరి మీదో కోపం వస్తుంది. ప్రేమ, అనుమానం, ఆశ, అసూయ కూడా ‘మీద’నే పుడతాయి. బల్ల మీద పుస్తకం ఉన్నప్పుడు ‘ఆన్’ అంటాం కాబట్టి, కోపానికీ అదే తగిలిస్తాం. కానీ కోపం ఎవరి నెత్తి మీదా కూర్చోదు. ‘కోపం’ అనే మాటకు ‘మీద’ జతపడింది, అంతే. ఇంగ్లిష్‌లోనూ యాంగ్రీ అనే మాట తన జతను తనే ఎంచుకుంటుంది. మనిషి మీద కోపమైతే ‘యాంగ్రీ విత్’. ‘యాంగ్రీ ఎట్’ కూడా సరైనదే, అమెరికాలో అది ఎక్కువగా వినిపిస్తుంది. విషయం గురించి కోపమైతే ‘యాంగ్రీ అబౌట్’. ఎందుకు కోప్పడ్డారో చెప్పాలంటే ‘ఫర్’ వస్తుంది: ‘హి వాజ్ యాంగ్రీ విత్ మి ఫర్ కమింగ్ లేట్.’ అసూయకు ‘జెలస్ ఆఫ్’, అనుమానానికి ‘సస్పిషస్ ఆఫ్’, ఆసక్తికి ‘ఇంట్రెస్టెడ్ ఇన్’. మన ‘మీద’ ఒక్కటే, అక్కడ నాలుగైదు ముక్కలయింది. అలాగని ‘ఆన్’ ఎక్కడా రాదనుకోకండి. ‘కీన్ ఆన్’, ‘డిపెండెంట్ ఆన్’ దగ్గర మన ‘మీద’ సరిగ్గా సరిపోతుంది. అందుకే ఈ తప్పు అంత తొందరగా వదలదు.

లెక్కల దగ్గర చిక్కు ఇంకాస్త లోతు. ‘లెక్కల్లో దిట్ట’ అనే మన ‘లో’ ఒక కారణం. రెండోది ప్రోగ్రెస్ కార్డు. ‘గుడ్ మార్క్స్ ఇన్ మ్యాథ్స్’ అనడం ముమ్మాటికీ ఒప్పు. అక్కడ ‘ఇన్’ మార్కులకు చెందింది, ‘గుడ్’కు కాదు. మధ్యలోంచి మార్కుల్ని తీసేసి ‘గుడ్ ఇన్’ అనగానే జత మారిపోతుంది. నేర్పు గురించి చెప్పేటప్పుడు మామూలు జత ‘ఎట్’: గుడ్ ఎట్ మ్యాథ్స్, బ్యాడ్ ఎట్ స్పెల్లింగ్, క్విక్ ఎట్ లెర్నింగ్. ‘వీక్ ఇన్ మ్యాథ్స్’ అనేది మాత్రం చెల్లుతుంది, పిల్లలు తికమకపడటానికి అదొక కారణం. ఇక ‘గుడ్ విత్ చిల్డ్రన్’ అంటే పిల్లలతో ఇట్టే కలిసిపోయే మనిషి, ‘గుడ్ ఫర్ చిల్డ్రన్’ అంటే పిల్లలకు మేలు చేసేది. జత మారితే అర్థమే మారుతుందన్నమాట.

ఇప్పుడు భయం. మనం ‘కుక్కలంటే భయం’ అంటాం, లేదా ‘కుక్కకు భయపడతాడు’ అంటాం. ఎక్కడా ‘నుంచి’ లేదు. మరి ‘ఫ్రమ్’ ఎక్కడిది? హిందీ, ఉర్దూల్లో ‘కుత్తే సే డర్’ అంటారు. ఆ ‘సే’ని ‘నుంచి’ అని కూడా వాడతారు. ఆ భాషలు చెవిలో పడే హైదరాబాద్ లాంటి చోట ఇది సులువుగా అంటుకుంటుంది. ఇంగ్లిష్‌లో ఒప్పు ‘అఫ్రెయిడ్ ఆఫ్’, ఒకే ‘ఎఫ్’ ఉన్న ఆఫ్. తమాషా ఏమిటంటే, పాత ఇంగ్లిష్‌లో ఈ ఆఫ్‌కి ‘నుంచి, దూరంగా’ అనే అర్థమే ఉండేది. రెండు ‘ఎఫ్’ల ఆఫ్ ఆ తర్వాత దీనిలోంచి విడిపోయింది. అంటే మీవాడి ఆలోచన పూర్తిగా అర్థం లేనిదేం కాదు, మాట మాత్రం చెల్లదు. ‘అఫ్రెయిడ్ ఫర్’ అని రాస్తే ఇంకో అర్థం వస్తుంది: సార్‌ను చూసి భయం కాదు, సార్‌కు ఏమవుతుందోనన్న భయం.

మరి నేర్చుకోవడం ఎలా? తెలుగు విభక్తిని ఇంగ్లిష్‌లోకి మార్చుకుంటూ పోవద్దు, మాటను జతతో కలిపే రాసుకోవాలి. నోట్‌బుక్‌లో ‘అఫ్రెయిడ్: భయం’ అని కాకుండా ‘అఫ్రెయిడ్ ఆఫ్ డాగ్స్’ అని రాయించండి. ప్రిపొజిషన్ తర్వాత పని పేరు వస్తే ‘ఇంగ్’ చేరుతుందని కూడా అక్కడే కనబడుతుంది: అఫ్రెయిడ్ ఆఫ్ ఫాలింగ్, గుడ్ ఎట్ సింగింగ్. అనుమానం వచ్చినప్పుడు ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ లాంటిది తెరవండి. ఇంగ్లిష్-తెలుగు నిఘంటువు చాలాసార్లు అర్థం చెప్పి ఆగిపోతుంది. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు మాత్రం మాట పక్కనే దాని జతనూ చూపిస్తుంది. జపాన్‌లో ఇంగ్లిష్ పాఠాలు చెప్పిన హార్న్‌బీ 1942లో తెచ్చిన నిఘంటువు దానికి మూలం. పరాయి భాషగా ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్లు ఎక్కడ తడబడతారో ఆయనకు బాగా తెలుసు.

మీ అబ్బాయి వాక్యాలు సరిచేస్తే ఇలా ఉంటాయి: ‘ఐ యామ్ గుడ్ ఎట్ మ్యాథ్స్, బట్ ఐ యామ్ అఫ్రెయిడ్ ఆఫ్ అవర్ సర్. హి ఈజ్ ఆల్వేస్ యాంగ్రీ విత్ మి.’