94 దగ్గర ఆగిపోయే రౌటర్

2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా ఇంటికొచ్చిన ఆ కనెక్షన్ కనీస ప్యాకేజీ అప్పట్లో నెలకు 149 రూపాయలకు 15 ఎంబీపీఎస్. ఆ రోజుల్లో చవకగా కొన్న రౌటర్లలో ఎక్కువ వాటికి ఫాస్ట్ ఈథర్‌నెట్ పోర్టులే ఉండేవి. వాటి గరిష్ఠ వేగం సెకనుకు 100 మెగాబిట్లు. 15కి అది ధారాళంగా సరిపోయింది.

సూళ్లూరుపేటలో ఒక ఇంట్లో అలాంటి రౌటరే ఇంకా నడుస్తోందనుకుందాం. ప్లాన్ మాత్రం 200 ఎంబీపీఎస్‌కి మారింది. ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో రౌటర్‌కు కలిపి స్పీడ్ టెస్ట్ చేస్తే 94. రాత్రి చేసినా, తెల్లవారుజామున చేసినా 94. ఆపరేటర్ దగ్గర రద్దీ ఉంటే అంకె ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. ఇలా ఒకేచోట నిలిచిపోయిందంటే 100 మెగాబిట్ల లింకు అడ్డుపడుతున్నట్టే. మిగతా ఆరు ఎటు పోయాయంటే, ప్రతి ప్యాకెట్ వెంట వెళ్లే చిరునామాలకు, ప్యాకెట్ల మధ్య వదిలే ఖాళీకి ఖర్చవుతాయి.

అంతమాత్రాన కొత్త రౌటర్ కొనడానికి బయల్దేరకూడదు. 100 మెగాబిట్లకు కేబుల్‌లోని ఎనిమిది తీగల్లో నాలుగు చాలు, గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. పులికాట్ మీదుగా వీచే ఉప్పుగాలికి ప్లగ్గులోని ఒక పిన్ను చిలుము పట్టినా, మంచి పోర్టు కూడా 100కి దిగిపోవచ్చు. అందుకే ముందు కొత్త క్యాట్-5ఈ కేబుల్ వేసి చూడాలి. తర్వాత అదే కేబుల్‌తో, గిగాబిట్ పోర్టున్న ల్యాప్‌టాప్‌ను నేరుగా ఫైబర్ బాక్సుకు కలపాలి. పీపీపీఓఈ కనెక్షన్ అయితే ల్యాప్‌టాప్‌లో దాని యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇవ్వాలి. విండోస్ నెట్‌వర్క్ వివరాల్లో `Link speed` దగ్గర `1000/1000 (Mbps)` కనబడి, టెస్టులో 190 దాటితే లైను బాగున్నట్టు. మళ్లీ రౌటర్‌కు కలపగానే `100/100 (Mbps)` అయితే తప్పు రౌటర్‌దే. ప్లాన్ 50 ఎంబీపీఎస్ అయితే మాత్రం పోర్టు మార్చి లాభం లేదు. అక్కడ ఇబ్బంది ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్ వైఫైదే. ఇరుగుపొరుగు రౌటర్లు కూడా ఆ ఇరుకు బ్యాండునే పంచుకుంటాయి.

కొనేటప్పుడు అట్ట మీది పెద్ద అంకెను నేను లెక్కలోకి తీసుకోను. ఏసీ1200 అంటే 5 గిగాహెర్ట్జ్‌లో 867, 2.4లో 300 కలిపి పైకి సవరించిన మొత్తం. ఏ ఒక్క ఫోనుకూ అంత రాదు. పైగా ఆ పేరుతో అమ్మే కొన్నింటికి పోర్టులు ఇప్పటికీ 100వే. అట్ట వెనక `10/100/1000` అని వ్యాన్, ల్యాన్ పోర్టులు రెండింటికీ రాసి ఉండాలి. రెండు బ్యాండ్లూ ఉండాలి. వైఫై 6 అయితే నాలుగైదు ఫోన్లు ఒకేసారి వాడుతున్న ఇంట్లో తేడా తెలుస్తుంది. 5 గిగాహెర్ట్జ్ గోడలు దాటితే త్వరగా నీరసిస్తుంది కాబట్టి రౌటర్‌ను ఇంటి మధ్యలో పెట్టాలి.

పాతది విప్పేముందు ఆపరేటర్‌ను అడిగి పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రాసి పెట్టుకోండి. ఆ పద్ధతిలో నడిచే కనెక్షన్‌కు అవి ఇవ్వనిదే కొత్త రౌటర్‌లో నెట్ రాదు.