పాకం రాకముందే దించాలి

గ్లాసులో రమ్ము, నిమ్మరసం, ఐసు వేసి, చెంచాడు పంచదార పోసి ఎంతసేపు కలిపినా అడుగున పలుకులు మిగిలే ఉంటాయి. చల్లటి నీళ్లలో పంచదార నెమ్మదిగా కరుగుతుంది. అచ్చమైన ఆల్కహాల్‌లోనైతే దాదాపు కరగనే కరగదు. అలాంటి గ్లాసులో మొదటి గుక్క పళ్లు పులిసేలా, చివరి గుక్క వెగటు పుట్టేలా ఉంటుంది. అందుకే బార్లలో పంచదారను ముందే నీళ్లలో కరిగించి సీసాలో సిద్ధంగా పెట్టుకుంటారు. ఇంట్లో కాక్‌టెయిల్ కలుపుకునేవాళ్లు మొదట తయారుచేసుకోవాల్సింది ఈ సిరప్‌నే.

సింపుల్ సిరప్ అంటే పంచదార, నీళ్లు సమానంగా కలిపినది. రిచ్ సిరప్ అంటే రెండు వంతుల పంచదారకు ఒక వంతు నీళ్లు. చెప్పడానికి ఇంతే. కానీ ఆ వంతులను కప్పుతో కొలుస్తారా, తూకంతోనా అన్నదాని మీదే మిగతాదంతా ఆధారపడుతుంది. 240 మిల్లీలీటర్ల కప్పు నిండా పంచదార పోస్తే అది సుమారు 200 గ్రాములే తూగుతుంది, పలుకుల మధ్య గాలి ఉంటుంది కదా. అదే కప్పుడు నీళ్లు 240 గ్రాములు. కప్పుకు కప్పు కలిపితే సగం పంచదార ఉండాల్సిన సిరప్‌లో 45 శాతమే ఉంటుంది. రిచ్ సిరప్‌కు రెండు కప్పులకు ఒక కప్పు లెక్క వేసినా, 67 శాతం దగ్గర ఉండాల్సింది 62 దగ్గరే ఆగిపోతుంది. తీపిలో ఈ తేడా చిన్నదే, నాలుక సర్దుకుంటుంది. నిల్వ మాత్రం సర్దుకోదు. వంటింటి డిజిటల్ త్రాసు ఒకటి ఉంటే ఈ చిక్కే లేదు.

సింపుల్ సిరప్‌కు 250 గ్రాముల పంచదార, 250 మిల్లీలీటర్ల నీళ్లు తీసుకోండి. నీళ్లు వేడిచేసి, పొయ్యి ఆపేసి, పంచదార పోసి తేటగా అయ్యేదాకా కలపండి. ఇంచుమించు 400 మిల్లీలీటర్లు వస్తుంది. అరిసెలకు, జాంగ్రీలకు పాకం పట్టిన చెయ్యి ఇక్కడే పొరపాటు పడుతుంది. మరిగించి, వేళ్ల మధ్య తీగ చూడాలనిపిస్తుంది. ఈ సిరప్‌కు తీగ పాకం కాదు కదా, లేత పాకం కూడా అక్కర్లేదు. ఇదే గిన్నెను పది నిమిషాలు కుతకుతలాడించి 50 గ్రాముల నీళ్లు ఆవిరి చేశారనుకుందాం. 500 గ్రాముల సిరప్ 450 గ్రాములకు దిగి, పంచదార 55 శాతం దాటుతుంది. మీరు చేసింది అటు సింపులూ కాదు, ఇటు రిచ్చూ కాదు. కాబట్టి ఖాళీ గిన్నె తూకం ముందే రాసిపెట్టుకోండి. చల్లారాక మళ్లీ తూచి, ఎంత తగ్గితే అన్ని కాచిన నీళ్లు కలిపేస్తే కొలత సరిపోతుంది. మన పంచదారతో చేసిన సిరప్ ఒక్కోసారి కాస్త పసుపు రంగులో, పైన సన్నటి నురగతో కనిపిస్తుంది. పలుచటి గుడ్డలో వడకడితే చాలు.

రిచ్ సిరప్‌కు 500 గ్రాముల పంచదార, 250 మిల్లీలీటర్ల నీళ్లు. దీనికి సన్నటి సెగ మీద ఉంచి కలపడం తప్పదు, ఎందుకంటే మామూలు గది వేడిలో నీళ్లు పట్టుకోగలిగిన పంచదార దాదాపు ఇంతే. ఫ్రిజ్‌లో పెట్టాక ఆ శక్తి ఇంకా తగ్గుతుంది. దాంతో కొన్నాళ్లకు అడుగున గట్టి పలుకులు పేరుకోవచ్చు. గిన్నె అంచుకు అంటుకున్న కరగని పలుకు ఒక్కటి సీసాలో పడినా దాని చుట్టూ మిగతావి చేరతాయి. పాకం గడ్డకట్టకుండా మన ఇళ్లలో నాలుగు చుక్కల నిమ్మరసం పిండే అలవాటు ఇక్కడా పనికొస్తుంది. వేడిలో ఆ పులుపు కొంత పంచదారను విడగొట్టి, పలుకు కట్టకుండా చూస్తుంది. అప్పటికీ పేరుకుంటే సీసాను వేడినీళ్లలో నిలబెడితే కరిగిపోతుంది. అది చెడిపోయినట్టు కాదు.

వాడేటప్పుడు ఒక లెక్క గుర్తుంచుకోండి: 30 మిల్లీలీటర్ల సింపుల్ సిరప్ ఇచ్చే తీపిని రిచ్ సిరప్ 20 మిల్లీలీటర్లలోనే ఇస్తుంది. నిమ్మరసంతో షేక్ చేసే డైకిరీ, విస్కీ సోర్ లాంటివాటికి నాకు సింపుల్ సిరప్పే నచ్చుతుంది, కొలవడం సులువు. ఓల్డ్ ఫ్యాషన్డ్ లాంటి ఘాటు డ్రింకుకు రిచ్ సిరప్ మేలు. ఒక చిన్న చెంచాతోనే తీపి వస్తుంది, విస్కీ పలచబడదు.

ఇక నిల్వ. రిచ్ సిరప్‌లో పంచదార ఎంత ఎక్కువంటే, బూజుకూ ఈస్టుకూ బతకడానికి చాలినంత నీళ్లు దొరకడం కష్టం. సరిగ్గా తూచి, వేడినీళ్లతో కడిగి ఆరబెట్టిన గాజు సీసాలో ఫ్రిజ్‌లో ఉంచితే ఆరు నెలల దాకా వస్తుంది. సింపుల్ సిరప్‌కు ఆ రక్షణ లేదు, నెల రోజుల్లోపు వాడేయాలి. మన వేసవిలో దాన్ని గట్టు మీద వదిలేస్తే కొద్ది రోజులకే పులుస్తుంది.

రుచి కలిపిన సిరప్‌లు ఇంకా త్వరగా పాడవుతాయి. అల్లం, ఆకులు, పండ్లు తమతో నీటినీ సూక్ష్మజీవులనూ తెస్తాయి. అల్లం సిరప్‌నే తీసుకుందాం. 100 గ్రాముల అల్లం చెక్కు తీసి పలుచగా తరిగి, 300 మిల్లీలీటర్ల నీళ్లలో పది నిమిషాలు సన్నటి సెగ మీద ఉడికించి, మూత పెట్టి అరగంట వదిలేయండి. వడకట్టి ఆ నీళ్లను తూచండి. ఎన్ని మిగులుతాయో ముందే చెప్పలేం, కొంత ఆవిరైపోతాయి, కొంత అల్లం ముక్కల్లోనే ఉండిపోతాయి. 220 గ్రాములు తూగితే 220 గ్రాముల పంచదార వేసి కరిగించండి. మొదటే 300 గ్రాములు పోసి ఉంటే సిరప్ మీరు అనుకున్నదానికంటే చిక్కగా వచ్చేది. అడుగున తెల్లగా తేరుకునేది అల్లంలోని పిండిపదార్థమే, సీసా ఊపితే కలిసిపోతుంది. ఇది ఫ్రిజ్‌లో రెండు వారాలు ఉంటుంది. 60 మిల్లీలీటర్ల విస్కీ, 20 నిమ్మరసం, 20 అల్లం సిరప్ ఐసుతో షేక్ చేసి చూడండి. న్యూయార్క్‌లో శామ్ రాస్ 2005లో సృష్టించిన పెనిసిలిన్‌కు కూడా అల్లం, తేనె, నిమ్మరసం, స్కాచ్ కలయికే ఆధారం.

పుదీనాను మాత్రం ఉడికించకూడదు. రంగు గోధుమకు తిరిగి, ఉడికిన ఆకుకూర వాసన వస్తుంది. ఆకుల్ని మరిగే నీళ్లలో పదిహేను సెకన్లు ముంచి, వెంటనే ఐసు నీళ్లలో వేసి, పిండి, చల్లటి సింపుల్ సిరప్‌తో మిక్సీలో తిప్పి వడకట్టాలి. పచ్చరంగు నాలుగైదు రోజులు నిలుస్తుంది, వారంలోపు వాడేయాలి. యాలకులు, దాల్చినచెక్క లాంటి ఎండు దినుసులతో ఇంత తొందర లేదు. దంచి వేడి సిరప్‌లో వేసి, రుచి దిగాక వడకడితే మూడు వారాలు ధీమాగా ఉంచుకోవచ్చు.

చెడిపోయిందేమో సీసాను వెలుతురుకు పట్టి చూడండి. తేటగా ఉన్న సిరప్ మబ్బుగా మారినా, దారాల్లాంటివి తేలినా, మూత తీయగానే బుస్సుమన్నా, పులిసిన వాసన వచ్చినా మొత్తం పారబోయాలి. పైన బూజు తీసేసి కింది సిరప్ వాడుకోవడం కుదరదు. కొందరు 250 మిల్లీలీటర్ల సింపుల్ సిరప్‌కు ఒక పెద్ద చెంచా వోడ్కా కలుపుతారు, దానివల్ల మరికొన్ని వారాలు నిలుస్తుంది. అలా కలిపితే సీసా మీద తేదీతోపాటు ఆ సంగతి కూడా రాయండి. ఫ్రిజ్‌లో ఉన్న తియ్యటి సీసాను పిల్లల నిమ్మరసంలో కలిపేయడానికి ఎవరికీ రెండో ఆలోచన ఉండదు.