బ్రేకు మీదికి కాలు వెళ్లేలోపు

గ్రూప్స్‌కో, రైల్వే ఉద్యోగాలకో చదివినవాళ్లకు 5/18 గుర్తుండే ఉంటుంది. ఇంత పొడవున్న రైలు అంత పొడవున్న ప్లాట్‌ఫామ్‌ను ఎన్ని సెకన్లలో దాటుతుందని అడగ్గానే, వేగాన్ని 5/18తో గుణించి లెక్క మొదలుపెడతాం. పరీక్ష అయ్యాక ఆ భిన్నాన్ని హాల్లోనే వదిలేసి వస్తాం. అసలు అక్కరకొచ్చేది స్టీరింగు పట్టుకున్నాకే.

కిలోమీటరుకు 1000 మీటర్లు, గంటకు 3600 సెకన్లు. ఒకదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేదే 5/18. నోటిలెక్కకు 18వ ఎక్కం చాలు. గంటకు 18 కిలోమీటర్లంటే సెకనుకు 5 మీటర్లు, 36 అయితే 10, 72 అయితే 20, 90 అయితే 25. మధ్యలో ఉన్న వేగాలను 3.6తో భాగించుకోవాలి. అదీ కుదరకపోతే వేగంలో పదో వంతు తీసుకుని మూడుతో గుణించండి. 60కి 18 మీటర్లు వస్తుంది, నిజానికి 16.7. కాస్త ఎక్కువే చూపిస్తుంది, రోడ్డు మీద అదే మంచిది.

ఇప్పుడు రాత్రిపూట హైవే ఊహించుకోండి. టెయిల్ లైట్లు లేని లారీ ఒకటి రోడ్డుకి అడ్డంగా ఆగిపోయి ఉంది. మీరు 90లో వస్తున్నారు. ముందు ఏదో నల్లగా కనిపిస్తుంది. అది లారీ అని, కదలడం లేదని తెలియాలి. పక్కకు తప్పించాలా, బ్రేకు వేయాలా అన్నది తేలాలి. ఆ తర్వాత కాలు యాక్సిలరేటర్ మీంచి లేచి బ్రేకు మీదికి రావాలి. దీనంతటికీ ఒకటిన్నర సెకను పట్టిందనుకుందాం. 25ను 1.5తో గుణిస్తే 37.5 మీటర్లు. అంత దూరమూ బండి 90లోనే వెళ్లింది, వేగం ఇసుమంత కూడా తగ్గలేదు. కొత్త టైర్లు, ఏబీఎస్, డిస్క్ బ్రేకులు ఏవీ ఇందులో ఒక్క మీటరు కూడా మిగల్చలేవు. వాటి పని ఇంకా మొదలే కాలేదు.

‘నాకంత టైమ్ పట్టదు, ఠక్కున వేస్తాను’ అనేవాళ్లు చాలామంది. వాళ్ల ధీమాకు కారణం లేకపోలేదు. 30 సెంటీమీటర్ల స్కేలును ఎవరైనా నిలువుగా వదిలితే, కింద వేళ్లు తెరిచి ఉంచినవాళ్లు దాదాపు 20 సెంటీమీటర్లు జారేలోపు పట్టేస్తారు. స్కేలు అంత దూరం పడటానికి పట్టేది 0.2 సెకను. కానీ అక్కడ కళ్లన్నీ స్కేలు మీదే ఉంటాయి, చేయాల్సిన పనీ ముందే తెలుసు. రోడ్డు మీద ఏది, ఎప్పుడు ఎదురవుతుందో తెలియదు. అందుకే మన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్, రోడ్డు మీద డ్రైవర్‌కు ముందుచూపు ఎంత దూరం ఉండాలో లెక్కగట్టేటప్పుడు ఏకంగా 2.5 సెకన్లు తీసుకుంటుంది. ఆ సూత్రంలో కనిపించే 0.278 వేరే ఏదో కాదు, మన 5/18నే దశాంశంలో రాశారు. ఆ 2.5 సెకన్ల ప్రకారం 90లో వెళ్లే బండి ఆలోచనలోనే 62.5 మీటర్లు దాటేస్తుంది.

మళ్లీ లారీ దగ్గరికి వద్దాం. పక్క లేనులో అదే వరసలో, 72లో వస్తున్న ఇంకో కారు ఉందనుకోండి. ఇద్దరూ ఒకే క్షణంలో లారీని చూశారు, ఇద్దరికీ ఒకటిన్నర సెకనే పట్టింది. బ్రేకు వేశాక రెండు బళ్లూ ప్రతి సెకనుకూ, సెకనుకు 5 మీటర్ల చొప్పున వేగం కోల్పోతాయి. బ్రేకు పడ్డాక వెళ్లే దూరానికి, సెకనుకు మీటర్లలో ఉన్న వేగాన్ని వర్గం చేసి 10తో భాగించాలి. 72 కారుకు ఆలోచనలో 30 మీటర్లు, బ్రేకులో 40. మొత్తం 70 మీటర్ల దగ్గర ఆగిపోయింది.

అదే 70వ మీటరు దగ్గర మీ బండి పరిస్థితేమిటి? ఆలోచనకే 37.5 పోయాయి కాబట్టి బ్రేకుకు దక్కింది 32.5 మీటర్లు. పూర్తిగా ఆగడానికి కావలసింది 62.5. ఇంకా 30 మీటర్లు తక్కువ. లెక్క వెనక్కి వేస్తే అక్కడ వేగం సెకనుకు 17.3 మీటర్లు, అంటే గంటకు 62 కిలోమీటర్లు! మొదట్లో తేడా 18 కిలోమీటర్లే. లారీ సరిగ్గా అక్కడే ఉంటే ఒకరు దాని వెనక ఆగుతారు, ఇంకొకరు 62లో గుద్దుతారు. రోడ్డు తడిగా ఉంటే రెండు బళ్లకూ ఈ దూరాలు ఇంకా పెరుగుతాయి.

ముందు కదిలే బండి ఉన్నప్పుడు లెక్క కాస్త తేలిక. అదీ మీలాగే బ్రేకు వేసి ఆగుతుంది కాబట్టి, రెండింటి బ్రేకులూ సమానమైతే మీ ఆలోచనకు పట్టే దూరం మధ్యలో ఉంటే గండం గడుస్తుంది. దాన్ని మీటర్లలో కొలవనక్కర్లేదు. ముందు బండి ఒక కరెంటు స్తంభాన్ని దాటగానే ‘వెయ్యిన్నొకటి, వెయ్యిన్ని రెండు’ అని తాపీగా లెక్కపెట్టండి. అది పూర్తయ్యేలోపే మీరు స్తంభం దగ్గరికి వచ్చేస్తే దూరం చాలనట్టే. ముందున్నది ఆగిపోయిన లారీ అయితే మాత్రం ఈ రెండు సెకన్లు చాలవు. అక్కడ బ్రేకు దూరం కూడా పూర్తిగా మీదే కాబట్టి, హెడ్‌లైటు వెలుగు ఎంతదాకా పడుతుందో దాన్ని బట్టే వేగం పెట్టుకోవాలి. డిమ్ లైట్లో 50 మీటర్లే స్పష్టంగా కనిపిస్తుంటే, ఇవే అంకెల ప్రకారం 60 కూడా ఎక్కువే. ఆలోచనలో 25, బ్రేకులో దాదాపు 28 మీటర్లు పోతాయి.