షూ కంపు పోవాలి, జిగురు ఊడకూడదు

ఆటల షూ కంపు కొడుతోందంటే చాలా ఇళ్లలో జరిగేది ఒకటే. ఎవరో ఒకరు దాన్ని సర్ఫు నీళ్ల బకెట్లో రాత్రంతా నానబెడతారు, పొద్దున్నే డాబా మీద మండుటెండలో పెడతారు, అప్పటికీ వాసన తగ్గకపోతే సెంటు కొడతారు. నానబెట్టడం, ఎండబెట్టడం కలిసి షూ అడుగును ఊడదీస్తాయి. సెంటు కంపును కాసేపు కప్పిపెడుతుంది, అంతే. వంటింట్లో ఉండే తినే సోడాతోనే ఈ పని శుభ్రంగా అవుతుంది. కాకపోతే షూలో గుప్పెడు చల్లి వదిలేస్తే అవదు. సోడాను ఎక్కడ, ఎంత, ఎలా వాడాలో తెలియాలంటే ముందు ఆ కంపు ఏమిటో తెలియాలి.

చెమటకు సొంతంగా వాసన దాదాపు ఉండదు. అరికాలి మీద ఎప్పుడూ ఉండే బ్యాక్టీరియా, ముఖ్యంగా స్టెఫిలోకాకస్ ఎపిడర్మిడిస్ అనేది, చెమటలోని లూసిన్ అనే అమైనో ఆమ్లాన్ని తిని ఐసోవాలెరిక్ ఆమ్లం అనే పదార్థాన్ని వదులుతుంది. ముక్కు పుటాలు మూసుకునేలా చేసే ఆ పుల్లటి కంపు ప్రధానంగా దీనిదే. షూలో రాలిన చర్మపు పొట్టు మీద పెరిగే మరికొన్ని సూక్ష్మజీవులు గంధకం కలిసిన వాయువులను కూడా దీనికి జత చేస్తాయి. ఐసోవాలెరిక్ ఆమ్లం తేలిగ్గా ఆవిరవుతుంది, వేడి తగిలితే ఇంకా ఎక్కువగా. అందుకే చల్లగా ఉన్న షూ పరవాలేదనిపిస్తుంది, వేసుకుని పది నిమిషాలు నడిచి విప్పగానే గదంతా నిండిపోతుంది.

ఇది ఆమ్లం కావడమే మనకు దొరికిన దారి. తినే సోడా, అంటే సోడియం బైకార్బొనేట్, మెత్తని క్షారం. నీళ్లలో కరిగి ఈ ఆమ్లాన్ని తాకితే దాన్ని లవణంగా మార్చేస్తుంది. లవణం గాలిలోకి ఆవిరి కాదు కాబట్టి వాసన ఆగిపోతుంది. అయితే ఆ లవణం ఎక్కడికీ పోదు, ఇన్‌సోల్ స్పాంజిలోనే కూర్చుంటుంది. మళ్లీ షూ వేసుకున్నప్పుడు చెమటలోని పులుపు దాన్ని తాకుతుంది, కొంత లవణం తిరిగి ఆమ్లమై పాత వాసనే పైకి లేస్తుంది. పొడి సోడా చల్లి మర్నాడు దులిపేసేవాళ్లు రెండు రోజులకే మళ్లీ మొదటికొచ్చిందని బాధపడేది ఇందుకే. పొడిగా ఉన్న సోడా స్పాంజి లోపలికి దిగదు, దిగిన కొంచెమూ బయటికి రాదు. కాబట్టి సోడా నీళ్లలో కలిసి లోపలికి వెళ్లాలి, తర్వాత కడుక్కుని బయటికి రావాలి. నీళ్లు లేకుండా ఈ పని జరగదు, కానీ నీళ్లంటే షూ జిగురుకు పడదు.

ఇప్పటి స్పోర్ట్స్ షూల్లో పైభాగాన్ని, మధ్యలో ఉండే మెత్తని స్పాంజిని, కింద రబ్బరు అడుగును ఎక్కువగా పాలియురిథేన్ జిగురుతో అతికిస్తారు. కంపెనీలో ఆ జిగురు పూసి, ఆరబెట్టి, సుమారు 60 డిగ్రీలకు వేడి చేసి, మెత్తబడ్డాక రెండు భాగాలనూ గట్టిగా నొక్కుతారు. అంటే వేడికి మెత్తబడటం దాని స్వభావం. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో మూసిన కారు డ్యాష్‌బోర్డు 70 డిగ్రీలు దాటుతుంది, డాబా నేల చెప్పుల్లేకుండా నిలబడలేనంత కాలుతుంది. అక్కడ పెట్టిన షూలో జిగురు ఒక్కసారిగా కరిగిపోదు, కానీ పట్టు సడలుతుంది. దాని కింద ఉన్న ఈవీఏ స్పాంజి వేడికి ముడుచుకుంటుంది, జిగురు గీత మీద ఆ లాగుడు కూడా పడుతుంది. హెయిర్ డ్రయ్యరు, బట్టలను వేడిగాలితో ఆరబెట్టే డ్రయ్యరు ఇదే పని చేస్తాయి.

వేడి తర్వాత భయపడాల్సినవి ద్రావకాలు. గోళ్ల రంగు తీసే ద్రవం, థిన్నర్, పెట్రోలు, ఇవి జిగురును నేరుగా మెత్తబరుస్తాయి లేదా కరిగిస్తాయి. రోడ్డు పక్కన చెప్పులు కుట్టేవారి దగ్గర ఒకసారి అడుగు అతికించుకున్న షూకైతే మరింత జాగ్రత్త కావాలి. అక్కడ వాడే పసుపు రంగు రబ్బరు జిగురు ఈ ద్రావకాలకు ఇంకా తొందరగా లొంగుతుంది. చేతులకు రాసుకునే శానిటైజర్ సంగతి వేరు. కొద్దిగా తుంపరలా పడి ఆరిపోతే పెద్ద ప్రమాదం లేదు, కానీ దాంతో ఇన్‌సోల్‌ను తడిపి ముద్ద చేస్తే పైగుడ్డను పట్టి ఉంచిన పలుచని జిగురు లేచి ఉబ్బుతుంది, రంగు కూడా దిగుతుంది. ఇక చాకలి సోడాను తినే సోడా అనుకుని వాడకండి. అది చాలా గాఢమైన క్షారం. పాలియురిథేన్‌ను నీటితో కలిసి నెమ్మదిగా విరగ్గొడుతుంది. బేకింగ్ పౌడరూ కాదు, అందులో పిండి ఉంటుంది.

మామూలు నీళ్లు కాసేపు తగిలితే ఏ షూ జిగురూ పోదు. గంటల తరబడి నానడం, ఆ తడి రోజుల తరబడి ఆరకపోవడమే చేటు. కాబట్టి చేయాల్సింది ఇన్‌సోల్‌ను షూ నుంచి విడదీయడం. కంపులో ఎక్కువ భాగం ఇన్‌సోల్‌లోనే ఉంటుంది, షూను పట్టి ఉంచే జిగురు మాత్రం ఇన్‌సోల్‌లో లేదు. ఇన్‌సోల్‌ను కడగాలి, షూను తడిగుడ్డతో తుడవాలి. ఈ తేడా ఒక్కటి పాటిస్తే సగం షూలు బతుకుతాయని నాకు గట్టి నమ్మకం.

మా అక్క కొడుకు విజయవాడలో ఇండోర్ కోర్టులో షటిల్ ఆడతాడు. వానాకాలంలో తడిసిన షూను అలాగే ప్లాస్టిక్ కవర్లో చుట్టి బ్యాగులో పెట్టుకునేవాడు. నా దగ్గరికి వచ్చేటప్పటికి కంపు సంగతి అలా ఉంచి, ఒక షూ ముందుభాగంలో అడుగు, పైభాగం కలిసే గీత వెంట సన్నని నల్లని నెర్రె కనబడింది. వేళ్ల దగ్గర షూను వంచితే ఆ నెర్రె గోరు దూరేంత తెరుచుకుంటోంది, లోపల జిగురు తీగల్లా సాగుతోంది. జిగురు దెబ్బతిన్నదని చెప్పే గుర్తు ఇదే. కడగడానికి ముందు ప్రతి షూనూ ఇలా వంచి చూడాలి. అప్పటికే నెర్రె ఉన్నదానికి ముందు అతికింపు చేయించాలి, తర్వాతే తడి చేయాలి. వాడి రెండో షూ బాగానే ఉంది, దాంతోనే మొదలుపెట్టాం.

ఇన్‌సోల్ మడమ వైపు వేలు పెట్టి పైకి లేపాం, సులువుగా వచ్చింది. కొన్ని షూల్లో మడమ దగ్గర జిగురు చుక్కతో అంటించి ఉంటారు. బలవంతం చేస్తే స్పాంజి చిరుగుతుంది. అలాంటప్పుడు తీయకుండా, పిండిన తడిగుడ్డతో పైనుంచి తుడవడంతోనే సరిపెట్టుకోవాలి. వచ్చిన ఇన్‌సోల్‌ను బయట దులిపి, వంటింటి త్రాసులో పెట్టి తూకం రాసుకున్నాం. ఆ అంకె ఎందుకో ముందుకు చెబుతాను. గోరువెచ్చని లీటరు నీళ్లలో బట్టల లిక్విడ్ ఒక చెంచా కలిపి, పాత టూత్‌బ్రష్‌తో పైగుడ్డను మడమ నుంచి వేళ్ల వైపు మెల్లగా రుద్దాం. వేళ్ల గుర్తులున్న చోట మడ్డిలాంటి పొట్టు నీళ్లలోకి దిగింది. నీళ్లు చేతికి వేడి తగలని స్థాయిలోనే ఉండాలి. నురుగు పోయేదాకా కడిగి, మరో లీటరు నీళ్లలో రెండు పెద్ద చెంచాల తినే సోడా కరిగించి అందులో ముంచి, నీరు లోపలికి దిగేలా అరచేతితో నొక్కి వదులుతూ 20 నిమిషాలు ఉంచాం. స్పాంజి నీళ్లు తాగి వదలాలి, ఊరికే తేలుతూ ఉంటే లాభం లేదు. తర్వాత మంచినీళ్లలో మూడు నాలుగు సార్లు ఇలాగే నొక్కి కడిగాం. ఈ కడగడం తప్పించుకుంటే ఇందాక చెప్పిన లవణం లోపలే మిగిలిపోతుంది, ఆరాక తెల్లటి పొడిలా కనబడుతుంది, కాలికి దురద కూడా పెడుతుంది.

ఇన్‌సోల్‌ను పిండకూడదు. పిండితే స్పాంజికి మడత పడుతుంది, పైగుడ్డ జరుగుతుంది. తువాలు మధ్య పెట్టి కాలితో తొక్కాం, తువాలు తడి పీల్చుకుంది. ఆపైన ఫ్యాను కింద, నీడలో, నిలబెట్టి ఆరబెట్టాం. షూ లోపల మాత్రం ఒక కప్పు నీళ్లలో అర చెంచా సోడా కలిపి, గుడ్డ ముంచి, చుక్క కారకుండా పిండి తుడిచాం. మడమ చుట్టూ, ఇన్‌సోల్ కింద ఉండే కుట్టుగీత మీద పట్టుకుని ఉన్న మురికి ఎక్కువ. మళ్లీ ఉత్త నీళ్ల గుడ్డతో తుడిచి, లోపల న్యూస్‌పేపరు కుక్కి, తడి తగలగానే మారుస్తూ వచ్చాం. పేపరు అడుగు తడిని లాగుతుంది, దాంతో జిగురు గీత దగ్గర తేమ నిలబడదు.

తర్వాతి రోజు ఇన్‌సోల్ పైన ముట్టుకుంటే పొడిగానే ఉంది. త్రాసు మాత్రం మొదటి తూకం కంటే ఎక్కువ చూపించింది, లోపల ఇంకా నీళ్లున్నాయన్న మాట. ఆ స్థితిలో షూలో పెట్టేస్తే కాలి వేడికి బ్యాక్టీరియా మళ్లీ అంతే వేగంగా పెరుగుతుంది. తూకం మొదటి అంకెకు వచ్చేదాకా ఆగాం. వానాకాలంలో ఇది ఒకటిన్నర, రెండు రోజులు పట్టడం మామూలే. త్రాసు లేకపోతే మడమ దగ్గర టిష్యూ పేపరు పెట్టి ఒక నిమిషం బలంగా నొక్కి చూస్తే తడి ఉందో లేదో తెలుస్తుంది. చల్లగా ఉన్నప్పుడు వాసన చూసి తేల్చుకోవద్దు. వేసుకుని పది నిమిషాలు ఆడి, విప్పాక చూడాలి. వాడి షూకు ఆ పరీక్షలో కంపు దాదాపు పోయింది. ముందు నెర్రె పడ్డ షూను అతికించాక అదే పద్ధతిలో చేశాం, వంచితే మళ్లీ నెర్రె పడలేదు.

చాలామంది అడిగే వెనిగర్ సంగతి కూడా చెప్పాలి. వెనిగర్ కూడా ఆమ్లమే, కాబట్టి కంపు ఆమ్లాన్ని అది లవణంగా మార్చలేదు. కొంత బ్యాక్టీరియాను అణచగలదు కానీ, సోడాతో కలిపి వాడితే రెండూ ఒకదాన్నొకటి చంపేసుకుని బుడగలు తప్ప ఏమీ మిగలదు. వెనిగర్, బ్లీచింగ్ మాత్రం ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది. ఫ్రిజ్‌లో ఫ్రీజర్‌లో పెట్టినా బ్యాక్టీరియా చావదు, నిద్రపోయి లేస్తుంది అంతే. తోలు షూ అయితే ఈ పద్ధతే వద్దు. సోడా తోలును ఎండగొట్టి రంగు మారుస్తుంది, ఇన్‌సోల్ గుడ్డదైతే దాన్నొక్కదాన్నే కడుక్కోవచ్చు.

కంపు రెండు మూడు వారాల్లోనే తిరిగి వస్తోందంటే, షూ ఆరే సమయం చూసుకోండి. రోజూ ఆడేవాళ్లకు రెండు జతలు ఉంటే ఒకటి వాడుతుంటే మరొకటి పూర్తిగా ఒకరోజు ఆరుతుంది. ఆట కాగానే ఇన్‌సోల్ తీసి షూ పక్కన నిలబెట్టడం అలవాటైతే ఈ కడుగుడు తరచుగా అక్కర్లేదు. ప్లాస్టిక్ కవరు మాత్రం వద్దు, గుడ్డ సంచి చాలు. అరికాలిలో చిన్న చిన్న గుంటలు, తెల్లబడ్డ చర్మం కనబడితే అది పిట్టెడ్ కెరటోలైసిస్ అనే బ్యాక్టీరియా సమస్య కావచ్చు, షూను ఎంత కడిగినా తగ్గదు, చర్మవైద్యుడికి చూపించాలి. కాలు బాగుండి, కడిగి పూర్తిగా ఆరబెట్టినా ఇన్‌సోల్ విప్పగానే కంపు కొడుతుంటే దాని స్పాంజి నలిగిపోయి, నీళ్లు లోపలికి దిగి బయటికి రాలేని స్థితికి వచ్చినట్టే. కొత్త ఇన్‌సోల్ కొన్నప్పుడు పాతదాన్ని దాని మీద పెట్టి పెన్సిల్‌తో గీసి, కొద్ది కొద్దిగా కత్తిరించి సరిచూసుకోండి. పెద్దదైతే అంచులు పైకి మడుచుకుని లోపల రాసుకుంటాయి.