పడ్డ షేరు కొంటే లాభమేనా? పాత ధరలతో ఒక నిజాయితీ లెక్క

గత నెలలో అందరికంటే ఎక్కువగా పడ్డ షేర్లను కొని, నెల తిరిగాక అమ్మేస్తే ఏమవుతుంది? చాలామంది మదుపరులకు ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఆలోచనే ఇది. భయపడి అమ్మేవాళ్లు ధరను ఉండాల్సిన దానికంటే కిందికి తోస్తారని, ఆ భయం తగ్గగానే ధర కొంత కోలుకుంటుందని దీని వెనుక ఉన్న నమ్మకం. నమ్మకానికి ఆధారం లేకపోలేదు. అమెరికా షేర్ల పాత ధరలను పరిశీలించిన నరసింహన్ జగదీశ్ 1990లోనే ఈ ధోరణి గురించి రాశారు. మన మార్కెట్లో ఇది డబ్బు మిగులుస్తుందో లేదో తేలాలంటే పాత ధరల మీద నడిపి చూడాలి. దాన్నే బ్యాక్‌టెస్ట్ అంటారు.

నియమం చాలా చిన్నది. నెల చివరి రోజున నిఫ్టీ 50 కంపెనీల్లో ఆ నెల ఎక్కువ శాతం పడ్డ ఐదింటిని తీసుకుని, ఒక్కోదానిలో లక్ష రూపాయలు పెడతాం. వచ్చే నెల చివర మళ్లీ ఐదింటిని ఎంచుతాం. కొత్త జాబితాలో లేనివాటిని అమ్మి, వచ్చినవాటిని కొంటాం. పెట్టుబడి 5 లక్షలు. ఇరవై ఏళ్ల ధరలు కంప్యూటర్లో ఉంటే ఈ లెక్క కొన్ని నిమిషాల పని. తప్పు కూడా అంత సులువుగానే దూరుతుంది.

మొదటి తప్పు జాబితాలోనే ఉంటుంది. చాలామంది ఈరోజు నిఫ్టీలో ఉన్న యాభై పేర్లు తీసుకుని, వాటి ధరలను 2005 దాకా వెనక్కి లాగుతారు. ఈరోజు ఆ యాభైలో ఉన్న కంపెనీ మధ్యలో ఎన్నిసార్లు పడినా లేచి నిలిచిందన్నమాట. లేవలేనివి ఆ జాబితాలో ఉండవు. అంటే పడ్డవి లేస్తాయా అన్న ప్రశ్నకు జవాబును ముందే ప్రశ్నలో పెట్టేశాం. దీనికి సర్వైవర్‌షిప్ బయాస్ అని పేరు. పడ్డవాటిని కొనే పద్ధతికి ఇంతకంటే ప్రమాదకరమైన పొరపాటు మరొకటి లేదని నా అభిప్రాయం.

ఇందుకు మన హైదరాబాద్ కంపెనీ సత్యం కంప్యూటర్స్ ఉదాహరణే చూడండి. 2008 డిసెంబరులో అది నిఫ్టీలో ఉంది. ఆ నెల 16న మేటాస్ కంపెనీలను కొంటామని ప్రకటించగానే మదుపరులు తిరగబడ్డారు, ప్రకటనను వెనక్కి తీసుకున్నా షేరు కుప్పకూలింది. నిఫ్టీ పెరిగిన ఆ నెలలో సత్యం పావు వంతుకు పైగా పడింది. కాబట్టి డిసెంబరు 31 సాయంత్రం మన నియమం దాన్ని వదలదు. జనవరి మొదట్లో సుమారు 170 రూపాయల దగ్గర లక్ష రూపాయల షేర్లు కొన్నామనుకుందాం. జనవరి 7న లెక్కల్లో మోసం జరిగిందని రామలింగరాజు లేఖ బయటికొచ్చింది. ఆ ఒక్కరోజే షేరు సుమారు 40 రూపాయలకు దిగింది. మన లక్ష పాతికవేలలోపు మిగిలింది, 5 లక్షల పెట్టుబడిలో దాదాపు 15 శాతం పోయింది.

నేటి జాబితాతో చేసిన బ్యాక్‌టెస్టులో ఈ నష్టం కనిపించదు. సత్యాన్ని ఆ నెలలోనే నిఫ్టీ నుంచి తీసేశారు. 2013లో టెక్ మహీంద్రాలో విలీనం కావడంతో 17 సత్యం షేర్లకు 2 టెక్ మహీంద్రా షేర్లు ఇచ్చి ఆ పేరునే మార్కెట్ నుంచి తొలగించారు. కంప్యూటర్ దాని బదులు వరసలో తర్వాత ఉన్న మరో షేరును కొనేసి, హాయిగా ముందుకు సాగుతుంది. అప్పట్లో నిఫ్టీలోనే ఉన్న యూనిటెక్, రిలయన్స్ కమ్యూనికేషన్స్ తర్వాతి ఏళ్లలో ఏమయ్యాయో తెలిసిందే. వాటిని నెలనెలా కొన్న నష్టం కూడా లెక్కలోకి రాదు.

దీనికి మందు ఉంది, కాస్త ఓపిక కావాలి. నిఫ్టీలో ఏ కంపెనీ ఏ తేదీన చేరిందో, ఏది బయటికి వెళ్లిందో సూచీని నిర్వహించే సంస్థ ఎప్పటికప్పుడు ప్రకటిస్తూ వచ్చింది. ఆ ప్రకటనలు కూర్చుకుంటే ప్రతి నెలకూ అప్పటి అసలు జాబితా తయారవుతుంది. ఆనాటి ధరలు ఎక్స్ఛేంజీ రోజూ విడుదల చేసే భావ్ కాపీలో దొరుకుతాయి. తర్వాత కనుమరుగైన కంపెనీలు కూడా అందులో ఉంటాయి. అయితే అందులోవి సవరించని ధరలు. 2024 అక్టోబరు చివర రిలయన్స్ ఒకటికి ఒకటి బోనస్ ఇచ్చినప్పుడు ధర సగమైంది, మదుపరి మాత్రం నష్టపోలేదు. సవరించకపోతే మన కంప్యూటర్ దాన్ని 50 శాతం పతనమనుకుని కొనేస్తుంది. అందుకే ఫలితం చూసే ముందు, కొన్న షేర్ల పేర్లు, తేదీలు వరసగా అచ్చు వేసుకుని ఒక్కసారి కళ్లతో చదవాలి. సత్యం లాంటి పేర్లు లేకపోయినా, బోనస్ తేదీలు కనిపించినా అక్కడే ఆగిపోవాలి.

రెండో తప్పు ధరలో ఉంటుంది. నెల చివరి రోజు ముగింపు ధర చూసి ఐదు షేర్లు ఎంచుతాం, బ్యాక్‌టెస్ట్ అదే ముగింపు ధరకు కొనేస్తుంది. మార్కెట్ మూసేదాకా తెలియని ధరకు ఎవరూ కొనలేరు. పైగా ఇన్నేళ్లుగా ఎన్‌ఎస్‌ఈ ముగింపు ధర అంటే చివరి అరగంటలో జరిగిన లావాదేవీల సగటు, మనకు దొరికే ధర అది కానక్కర్లేదు. బాగా పడ్డ షేరు మర్నాడు ఉదయమే కొంత ఎత్తులో తెరుచుకుంటే, మనం ఆశపడ్డ కోలుకోవడంలో కొంత భాగం మనకంటే ముందే అయిపోతుంది. కాబట్టి కొనుగోలును మర్నాటి ఉదయం ధరకు మార్చి మళ్లీ నడపాలి. లాభం బాగా తగ్గిపోతే, ముందు కనబడ్డదంతా అందని లాభమే.

అప్పుడు కూడా అనుకున్న ధరకు, నిజంగా దొరికిన ధరకు తేడా ఉంటుంది. కొనేవాడు అమ్మేవాడి ధర దాకా పైకి వెళ్లాలి, అమ్మేవాడు కిందికి దిగాలి. ఈ తేడానే స్లిప్పేజ్. నిఫ్టీ షేర్లలో సాధారణ రోజున అది తక్కువే. కానీ మనం కొనేది గందరగోళంలో ఉన్న షేర్లను, అదీ ఉదయం మార్కెట్ తెరిచిన వెంటనే. అందుకే ప్రతి కొనుగోలుకూ, ప్రతి అమ్మకానికీ 0.1 శాతం వేసుకోవడం నా దృష్టిలో కనీస జాగ్రత్త.

ఇక ఖర్చులు. గత నెల ఎక్కువగా పడ్డవే ఈ నెలా పడవు కనుక, నెలకు ఐదింట నాలుగు మారతాయనుకుందాం. 4 లక్షలు అమ్మకం, 4 లక్షలు కొనుగోలు. డెలివరీ షేర్లపై ఎస్‌టీటీ రెండు వైపులా 0.1 శాతం, అంటే 800 రూపాయలు. కొనుగోలుపై స్టాంపు డ్యూటీ 60. ఆర్డరుకు 20 చొప్పున ఎనిమిది ఆర్డర్ల బ్రోకరేజి 160. ఎక్స్ఛేంజీ రుసుము, జీఎస్‌టీ, అమ్మిన ప్రతి కంపెనీకీ పడే డీమ్యాట్ రుసుము కలిపి మరో 120 దాకా. మొత్తం సుమారు 1,140. దానికి స్లిప్పేజ్ 800 కలిపితే నెలకు 1,940, ఏడాదికి 23 వేల పైచిలుకు. 5 లక్షల మీద దాదాపు 4.7 శాతం. పద్ధతి నిఫ్టీ కంటే ఏటా నాలుగు శాతం ఎక్కువ తెచ్చినా, ఖర్చులు పోగా వెనకబడినట్టే.

ఆపైన పన్ను. అన్నీ ఏడాదిలోపు అమ్మేవే కాబట్టి నికర లాభంపై 20 శాతం స్వల్పకాలిక పన్ను పడుతుంది, 2024 జులై 23కు ముందు అది 15 శాతం. ఇండెక్స్ ఫండ్ కొని కదలకుండా ఉన్నవాడికి అమ్మేదాకా పన్ను లేదు. పోలికకు తీసుకునే నిఫ్టీ కూడా డివిడెండ్లు కలిపిన టోటల్ రిటర్న్ సూచీ అయి ఉండాలి. టీవీలో కనిపించే అంకెతో పోలిస్తే మన పద్ధతి ఉన్నదానికంటే మెరుగ్గా కనిపిస్తుంది.

ఇవన్నీ పెట్టాక కూడా లాభం మిగిలితే స్లిప్పేజ్‌ను 0.2, 0.3 శాతానికి పెంచుకుంటూ పోయి, నిఫ్టీ మీద ఆధిక్యం ఎక్కడ సున్నా అవుతుందో చూడాలి. ప్రతి 0.1 శాతానికీ ఏడాదికి 9,600 రూపాయలు తగ్గుతాయి. ఆ సున్నా 0.15 దగ్గరే వస్తే, చిన్న మొత్తంతో రెండు మూడు నెలలు నిజంగా కొని, కాంట్రాక్ట్ నోట్‌లోని ధరను ఆ ఉదయం తెరుచుకున్న ధరతో పోల్చి చూడాలి. మీకు పడుతున్న తేడా 0.15 దాటితే ఆ పద్ధతిలో 5 లక్షలు పెట్టకండి.