నోరు పెగలని ఉద్యోగి ముందుగా చదవాల్సిన పుస్తకం

పై అధికారితో ఇబ్బందికరమైన మాట ఎత్తడానికి జంకే కొత్త ఉద్యోగికి చాలామంది సూచించే పుస్తకం 'నెవర్ స్ప్లిట్ ద డిఫరెన్స్'. ఎఫ్‌బీఐలో బందీలను విడిపించే మంతనాలు నడిపిన క్రిస్ వాస్ 2016లో దీన్ని వెలువరించాడు. ఎదుటివారి చివరి రెండు మూడు మాటలను తిరిగి పలకడం, నేరుగా కాదనకుండా 'అది నేనెలా చేయగలను?' అని అడగడం వంటి మెలకువలు ఇందులో ఉన్నాయి. ఇవి పనికొచ్చేవే, అయితే మాటలు మొదలయ్యాకే అక్కరకొస్తాయి. మొదలుపెట్టలేకపోవడమే సమస్య అయినవారికి ఇది రెండో మూడో పుస్తకం కావాలి.

మొదట చదవదగ్గది 1999లో వచ్చిన 'డిఫికల్ట్ కాన్వర్సేషన్స్'. హార్వర్డ్ నెగోషియేషన్ ప్రాజెక్టుకు చెందిన డగ్లస్ స్టోన్, బ్రూస్ ప్యాటన్, షీలా హీన్ దీని రచయితలు. కష్టమైన ప్రతి సంభాషణలోనూ మూడు సంభాషణలు కలిసి నడుస్తాయని వారు చెబుతారు. అసలు ఏం జరిగిందన్నది ఒకటి. మనసులో ఏముందన్నది రెండోది. దీనివల్ల తాను ఎలాంటి మనిషినని తేలుతుందోనన్న భయం మూడోది. తప్పించుకు తిరిగే ఉద్యోగి సాధారణంగా ఈ మూడోదాని దగ్గరే ఆగిపోతాడు. పని ఎక్కువైందని చెబితే చేతకానివాడు అనుకుంటారేమోనన్న బెదురే నోరు నొక్కేస్తుంది. ఆ బెదురును బెదురుగా గుర్తుపట్టడం దగ్గరే ఈ పుస్తకం అసలు మేలు చేస్తుంది.

ఒక ఊహా సందర్భం చూద్దాం. ఉద్యోగంలో చేరి ఏడాదైన అమ్మాయికి టీమ్ లీడ్ ప్రతి శుక్రవారం సాయంత్రం ఒక రిపోర్టు పని అప్పగిస్తాడు. సోమవారం పొద్దున్నకల్లా అది కావాలి. ఆమె ప్రతిసారీ 'సరే సార్' అంటుంది, శని ఆదివారాలు దానికే ధారపోస్తుంది. తనను కావాలనే వాడుకుంటున్నాడని ఆమె నమ్మకం. పుస్తకం ఇక్కడ ఒక గీత గీస్తుంది. తనకు కలిగిన కష్టం ఆమెకు తెలుసు. ఆయన ఉద్దేశం మాత్రం ఆమె ఊహ. తప్పెవరిదని తేల్చే బదులు, పరిస్థితి ఇలా తయారవడంలో ఎవరి పాత్ర ఎంతో చూడమంటారు రచయితలు. క్లయింటు లెక్కలు శుక్రవారం మధ్యాహ్నం గానీ రావు. వాటిని ముందే పంపమని లీడ్ ఎన్నడూ అడగలేదు. ఇబ్బందిగా ఉందని ఆమె ఒక్కసారీ చెప్పలేదు, కాబట్టి ఆయనకది తెలిసే వీలూ లేదు.

మాట ఎత్తడానికి పుస్తకం చూపే దారి మూడో మనిషి కథ. ఇద్దరినీ బయటినుంచి చూసేవారు చెప్పినట్టుగా మొదలుపెట్టాలి. 'సార్, శుక్రవారం రిపోర్టు గురించి పది నిమిషాలు మాట్లాడాలి. సోమవారానికి అది మీకు తప్పనిసరి. నాకేమో సెలవు రోజులు దానికే పోతున్నాయి. మీ వైపు పరిస్థితి ఏమిటో ముందు చెబుతారా?' ఇందులో నింద లేదు, దాపరికమూ లేదు. అదే 'మీరెప్పుడూ ఆఖరి నిమిషంలో ఇస్తారు' అని మొదలుపెడితే ఆయన వెంటనే తన ఉద్దేశాన్ని సమర్థించుకోవడంలో పడతాడు. సంభాషణ దారి తప్పిందనడానికి అదే గుర్తు. అప్పుడు వాదించకుండా ఆయన చెప్పేది పూర్తిగా విని, మళ్లీ రిపోర్టు దగ్గరికి రావాలి.

ఏం అడగాలన్న దశకు రోజర్ ఫిషర్, విలియం యూరీ 1981లో రాసిన 'గెటింగ్ టు యెస్' అక్కరకొస్తుంది. పట్టు వేరు, ఆ పట్టు వెనకున్న అవసరం వేరు అన్నది ఈ పుస్తకానికి వెన్నెముక. 'శుక్రవారం పని ఇవ్వొద్దు' అన్నది ఆమె పట్టు. సెలవు దక్కడం ఆమె అవసరం. సోమవారం మీటింగులో లెక్కలు చేతిలో ఉండటం లీడ్ అవసరం. అవసరాలు బయటపడితే దారులు కనిపిస్తాయి. లెక్కలు గురువారమే తెప్పించవచ్చు, సోమవారానికి ముఖ్యమైన పట్టికే ఇచ్చి మిగతాది మంగళవారం ఇవ్వవచ్చు, వంతులు వేసుకోవచ్చు. ఒప్పందం కుదరకపోతే చేతిలో మిగిలే మెరుగైన దారి ఏదో ముందే చూసుకోమని కూడా ఈ రచయితలు చెబుతారు. కొత్త ఉద్యోగికి ఆ దారి సన్నగానే ఉంటుంది. వేరే టీముకు మారే వీలుందో లేదో కనుక్కుని ఉంటే మాత్రం గొంతులో వణుకు కొంత తగ్గుతుంది.

ఎదుటివారికి కొంతైనా సద్భావం ఉందన్న నమ్మకంతోనే ఈ పద్ధతులు నడుస్తాయి. వేధింపులు ఎదురైనప్పుడు మూడో మనిషి కథతో మొదలుపెట్టాల్సిన పని లేదు. మహిళలపై లైంగిక వేధింపుల విషయంలో 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. ఘటన జరిగిన 3 నెలల్లోపు దానికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. తగిన కారణం ఉంటే కమిటీ మరో 3 నెలల వరకు గడువు పొడిగించవచ్చు.